నిధి కోరే దరఖాస్తు: అవసరం, కార్యక్రమం, ఫలితం

2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ సొమ్ములో కొంత భాగాన్ని పొందాలని మన పట్టణాల్లోని చిన్న ట్రస్టులు, మహిళా సంఘాలు కూడా దరఖాస్తులు పంపుతున్నాయి. రిజిస్ట్రేషన్ పత్రాలు, ఆడిట్ లెక్కలు చాలామంది వద్ద సిద్ధంగానే ఉంటాయి. చిక్కంతా దరఖాస్తు నడుమ ఉండే మూడు శీర్షికల దగ్గర వస్తుంది: అవసరం, కార్యక్రమాలు, కొలవదగిన ఫలితాలు. మంచి మనసుతో పనిచేసేవారు సైతం ఇక్కడ మూడు వేర్వేరు వ్యాసాలు రాసి ఊరుకుంటారు. వాస్తవానికి ఈ మూడూ ఒకే వాక్యంలోని మూడు ముక్కలు. ఒక ఉదాహరణతో ఈ విషయాన్ని వివరిస్తాము.

నిజామాబాద్ ప్రాంతంలో ఇంటింటా బీడీలు చుట్టే ఒక బస్తీని ఊహించుకుందాం. అక్కడ ఒక చిన్న సంస్థ బడి మానేసిన ఆడపిల్లల కోసం తరగతులు నడపాలనుకుంటోంది. కింద మేము వాడే అంకెలు నమూనా కోసం వేసుకున్నవే. మీ బస్తీ అంకెలు మీరే సేకరించుకోవాలి.

ఇటువంటి సంస్థ తన అవసరాన్ని సాధారణంగా ఇలా రాస్తుంది: "మా బస్తీలో పేదరికం, నిరక్షరాస్యత తీవ్రంగా ఉన్నాయి. మాకు తరగతి గది, బల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు అవసరం." మొదటి వాక్యం దేశంలోని ఏ బస్తీకైనా సరిపోతుంది. రెండవది సంస్థకు ఉన్న లోటు. ఆ పిల్లలకు ఉన్న లోటు అందులో కనిపించదు. బల్లలు లేకపోవడం సమస్య అయితే బల్లలు కొనడంతోనే సమస్య తీరిపోవాలి కదా!

ఇద్దరు వాలంటీర్లు పది రోజులపాటు సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే అవసరం దానంతట అదే రూపుదిద్దుకుంటుంది. వారు 140 ఇళ్లు తిరిగారనుకుందాం. 14 నుంచి 18 ఏళ్ల మధ్య ఆడపిల్లలు 52 మంది ఉన్నారు. వారిలో 31 మంది ఏ బడికీ, కళాశాలకూ వెళ్లడం లేదు. ఆ 31 మందిలో 22 మంది ఎనిమిదవ తరగతి దాటినవారు. అసలు విలువైన ప్రశ్న ఇక్కడే వస్తుంది: ఎందుకు మానేశారు? పన్నెండు మంది పదవ తరగతిలో గణితమో, ఇంగ్లీషో తప్పి మళ్లీ పరీక్షకు వెళ్లలేదు. ఏడుగురు తల్లికి బీడీ పనిలో సాయం కోసం పదవ తరగతికి చేరకముందే ఆగిపోయారు. ముగ్గురికి పెళ్లి నిశ్చయమయింది. కారణాలను ఇలా విడదీయని అవసరం చదవడానికి హృద్యంగా ఉండవచ్చు గాని, దానినుంచి ఏ కార్యక్రమమూ పుట్టదు.

ఇక కార్యక్రమాలు. పన్నెండు మందికీ ఏడుగురికీ ఒకే తరగతి పెట్టడం తేలిక. కానీ వారి దారులు వేరు. పరీక్ష తప్పినవారు తప్పిన సబ్జెక్టులను మాత్రమే మళ్లీ రాస్తే చాలు. వారికి కావలసింది గణితం, ఇంగ్లీషు శిక్షణ, పరీక్ష రుసుము, పరీక్షా కేంద్రానికి తోడు. మధ్యలో ఆగిన ఏడుగురికి 14 ఏళ్లు నిండాయి కనుక తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్ ద్వారా ఐదు సబ్జెక్టులతో పదవ తరగతి రాసే వీలుంది. పెళ్లి నిశ్చయమైన ముగ్గురికీ, ఎనిమిది దాటని తొమ్మిది మందికీ ఈ పథకం సరిపోదని దరఖాస్తులోనే స్పష్టంగా రాయడం మంచిది. "31 మందికీ మేలు" అని రాసిన సంస్థకంటే "19 మందికి, ఈ కారణం చేత" అని రాసిన సంస్థను చదువరి ఎక్కువగా నమ్ముతాడు.

తరగతి వేళను కూడా అవసరమే నిర్ణయించాలి. బీడీలు లెక్క అప్పజెప్పి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకునే పని ఆ బస్తీలో ఉదయం ముగుస్తుందనుకుంటే, జొహర్ తరువాత 2 గంటల నుంచి 4 గంటల వరకు అమ్మాయిలకు వీలవుతుంది. ఉదయం 10 గంటలకు తరగతి పెడితే హాజరు పుస్తకం నెల తిరగకముందే ఖాళీ అవుతుంది. ఇంకొక విషయం: 2027లో రంజాన్ మాసం, నెలవంకను బట్టి, ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. పదవ తరగతి పరీక్షలకు ముందరి అతి ముఖ్యమైన వారాలు అవే. ఆ నెలలో తరగతి ఉదయం ఒక గంటకు కుదించి, లోటును డిసెంబరు, జనవరి నెలల్లో పూడుస్తామని ముందే రాస్తే, ఆ సంస్థకు తన ప్రజల జీవనం తెలుసునని అర్థమవుతుంది. బడ్జెట్టులోని ప్రతి పంక్తి ఈ కార్యక్రమాల్లో దేనికి చెందుతుందో చూపగలగాలి. దేనికీ చెందని కంప్యూటరు అందులో ఉంటే, అది అడగకుండానే బయటపడుతుంది.

ఫలితాల శీర్షిక కింద అత్యధికులు చేసే పని, కార్యక్రమాలనే మరోసారి రాయడం. "170 రోజులు తరగతులు నిర్వహించాము" అన్నది సంస్థ చేసిన పని. దానివల్ల అమ్మాయి జీవితంలో ఏమి మారిందన్నది ఫలితం. జకాత్ ఇచ్చే దాత తన సొమ్ము అర్హుల చేతికి చేరిందా అని అడుగుతాడు; కంపెనీ ప్రతినిధి అంతటితో ఆగడు, చేరిన తరువాత ఏమయిందని అడుగుతాడు. మన ఉదాహరణలో జవాబు ఇలా ఉండవచ్చు: "పన్నెండు మందిలో 9 మంది తప్పిన సబ్జెక్టుల్లో ఉత్తీర్ణులవుతారు. ఏడుగురిలో 4 మంది ఓపెన్ స్కూల్ పరీక్షలో ఐదు సబ్జెక్టులూ పూర్తిచేస్తారు. ఈ 13 మందిలో 8 మంది ఆగస్టు నాటికి ఇంటర్‌లోనో, ఐ.టి.ఐ.లోనో చేరుతారు." ప్రతి అంకె పక్కన దాని రుజువు ఉండాలి: హాల్ టికెట్, మార్కుల మెమో, ప్రవేశ రశీదు.

నూటికి నూరు శాతం అని రాయవద్దని మా గట్టి సలహా. ఏటేటా వందల దరఖాస్తులు చదివేవారికి ఆ మాట ఆశయంగా కనిపించదు, అనుభవరాహిత్యంగా కనిపిస్తుంది. ఇంత చిన్న సంఖ్యలున్నప్పుడు శాతాలు కూడా మోసగిస్తాయి. ఏడుగురిలో ఒక్క అమ్మాయి తప్పితే 14 శాతం పడిపోతుంది. మనుషుల లెక్కే రాయండి. మొదటి వారంలోనే గణితంలో, ఇంగ్లీషులో ఒక చిన్న పరీక్ష పెట్టి ఆ కాగితాలు భద్రపరచండి. ఆరంభ స్థితి నమోదు కాకపోతే, మార్పు ఎంత వచ్చిందో ఆ తరువాత ఎవరూ చెప్పలేరు. బస్తీ అక్షరాస్యత పెరిగిందని మాత్రం రాయకండి; 19 మంది పరీక్ష రాస్తే అది రుజువు కాదు.

చాలామంది గమనించని చిక్కు తేదీల్లో ఉంది. కంపెనీల ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. పదవ తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఓపెన్ స్కూల్ పరీక్షలు సాధారణంగా ఆ తరువాత జరుగుతాయి. అంటే మీరు మాటిచ్చిన ఫలితం, నివేదిక ఇవ్వవలసిన నాటికి పుట్టనే పుట్టదు. పథక కాలాన్ని జులై నుంచి తరువాతి ఆగస్టు వరకు అడగవచ్చు. అది కుదరదంటే, మార్చిలోపు కనిపించే గుర్తులను ఫలితాలుగా చూపాలి: 19 మందిలో 16 మంది మూడువంతుల రోజులు హాజరు కావడం, జనవరి నమూనా పరీక్షలో 35 మార్కులు దాటినవారి సంఖ్య. అసలు ఫలితాన్ని ఆగస్టులో అదనపు నివేదికగా పంపుతామని ఒక వాక్యం చేర్చాలి.

అమ్మాయిల పేర్లు, ఫొటోలు దరఖాస్తులో పెట్టనక్కరలేదు. వారి వివరాలు సంస్థ వద్ద అమానతు. సంఖ్యలు, వరుస నెంబర్లు చాలు.

పంపేముందు ఆ బస్తీని ఎరుగని ఒకరికి ఫలితాల పేజీ మాత్రమే ఇచ్చి, అవసరం ఏమై ఉంటుందో చెప్పమనండి. "ఎవరో పదవ తరగతి తప్పిన అమ్మాయిలు, పగలు ఇంటి పనిలో ఉండేవారు" అని వారు చెప్పగలిగితే దరఖాస్తును కవరులో పెట్టవచ్చు.