ఎర్ర అక్షరాల్లో ఇచ్చిన జవాబు ఎక్కడికి పోయింది?

"మీ ప్రశ్నల కిందే నా జవాబులు ఎర్ర రంగులో ఇచ్చాను, చూడగలరు." ఆఫీసు మెయిళ్లలో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. పంపినవారి స్క్రీన్ మీద ప్రశ్న నల్లగా, జవాబు ఎర్రగా చక్కగానే ఉంటాయి. అందుకున్నవారి మెయిల్ ప్రోగ్రామ్ రంగులను పట్టించుకోని రకమైతే మాత్రం అంతా ఒకే నలుపు. ఏది తను అడిగిందో, ఏది అవతలివారు చెప్పిందో విడదీసుకోలేక ఆయన మళ్లీ మెయిల్ రాస్తాడు: "సార్, జవాబులు రాలేదు."

ఉత్తరం అయితే మనం రాసిన కాగితమే అవతలివారి చేతికి వెళ్తుంది. ఈమెయిల్ విషయంలో అలా జరగదు. మనం పంపేది అక్షరాలు, వాటితోపాటు ఎలా చూపించాలన్న సూచనలు. ఆ సూచనల్లో ఎన్నింటిని పాటించాలన్నది చదివేవారి ప్రోగ్రామ్ ఇష్టం. జీమెయిల్ ఒకలా చూపిస్తుంది, ఐఫోన్ మెయిల్ మరోలా, థండర్‌బర్డ్ ఇంకోలా. విండోస్‌లో చాలామంది వాడిన పాత తరహా అవుట్‌లుక్ 2007 నుంచి హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ను వర్డ్ సాయంతో చూపిస్తోంది కాబట్టి, బ్రౌజర్‌లో బాగున్న అమరిక అందులో చెదిరిపోవచ్చు. పరిచయం లేని మనిషి నుంచి విచారణ వచ్చినప్పుడు ఆయన దేంట్లో చదువుతాడో మనకు తెలిసే దారి లేదు. కొన్ని ప్రోగ్రాములు మెయిల్ హెడర్‌లో తమ పేరు రాసుకుంటాయి కానీ, అది ఆయన దేంట్లోంచి పంపాడో చెబుతుంది. జవాబును ఆయన బస్సులో ఫోన్ మీద చదవవచ్చు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం దీనికొక ఉపాయం చూపింది. ఒకే సందేశాన్ని రెండు రూపాల్లో పంపవచ్చు: మొదట ఏ అలంకారమూ లేని సాదా పాఠం, దాని కింద రంగులు, బొద్దు అక్షరాలు, పట్టికలు ఉన్న హెచ్‌టీఎంఎల్ రూపం. చదివే ప్రోగ్రామ్ తనకు అర్థమయ్యే వాటిలో చివరిదాన్ని ఎంచుకుని చూపిస్తుంది. జీమెయిల్‌లో మామూలుగా రాసి పంపినా జరిగేది ఇదే. ఏదైనా మెయిల్ తెరిచి పక్కనున్న మూడు చుక్కల మెనూలో Show original నొక్కితే లోపలి నిర్మాణం దాదాపు ఇలా ఉంటుంది:

```
Content-Type: multipart/alternative; boundary="abc123"

--abc123
Content-Type: text/plain; charset="UTF-8"

--abc123
Content-Type: text/html; charset="UTF-8"

--abc123--
```

తెలుగులో రాసిన మెయిల్ అయితే ఆ భాగాల్లో మన అక్షరాలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలగలిసిన గుంపు కనిపించవచ్చు. కంగారు వద్దు, ప్రయాణం కోసం అలా మూట కడతారు. అవతలి ప్రోగ్రామ్ ఆ మూట విప్పి, UTF-8 అన్న మాటను చూసి తిరిగి అక్షరాలుగా మార్చుకుంటుంది. ఆ మాట ఎక్కడైనా జారిపోతే మాత్రం "అ" అన్న అక్షరం à°… అని కనిపిస్తుంది. మెయిల్ నిండా à° లు, à± లు కనిపిస్తే పాఠం చెడిపోలేదని, విప్పడంలోనే తేడా వచ్చిందని గుర్తు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగును తెచ్చి మెయిల్లో అతికిస్తారు. అది చూడ్డానికే తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో, సాదా పాఠంలో అర్థంలేని గుర్తుల వరుసే మిగులుతుంది. తెలుగులో జవాబిస్తే యూనికోడ్ తెలుగే వాడాలి, ఇందులో రాజీ లేదు.

సరే, ప్రోగ్రామే రెండు రూపాలూ తయారుచేస్తుంటే మనకేం ఇబ్బంది? సాదా రూపాన్ని అది యాంత్రికంగా తయారుచేస్తుంది, అదీ ఇబ్బంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే చిన్న దుకాణం అనుకోండి. బెంగళూరు నుంచి ముక్కూమొహం తెలియని ఒకరు మెయిల్ రాశారు. ధరలెంత, బెంగళూరుకు ఎన్ని రోజుల్లో వస్తాయి, డబ్బు ఎలా కట్టాలి అని మూడు ప్రశ్నలు. దుకాణంవారు ఎక్సెల్‌లోని ధరల పట్టికను తెచ్చి అతికించి, ముఖ్యమైన గడువును ఎర్ర రంగులో పెట్టి, కింద లోగో, ఫోన్ నంబరు, చిరునామా ఉన్న విజిటింగ్ కార్డు బొమ్మను సంతకంగా తగిలించి పంపారు.

హెచ్‌టీఎంఎల్ చూపించని ప్రోగ్రామ్‌లో ఇదంతా ఏమవుతుందంటే, పట్టిక గీతలు పోయి గడుల్లోని మాటలు ఒకదాని కింద ఒకటి పడతాయి. 250 అన్న అంకె బెల్లం పెట్టెదో, పంచదార పెట్టెదో తెలియదు. ఎరుపు పోతుంది. బొద్దు అక్షరాల చుట్టూ నక్షత్రం గుర్తులు మొలుస్తాయి. విజిటింగ్ కార్డు కనిపించదు, లేదా image001.png అన్న అటాచ్‌మెంట్‌గా వేలాడుతుంది. దుకాణం ఫోన్ నంబరు ఆ బొమ్మలోనే ఉంది కాబట్టి, కొనాలనుకున్నవారికి నంబరే అందలేదు. హెచ్‌టీఎంఎల్ చూపించే ప్రోగ్రామ్‌లోనైనా కొన్నిచోట్ల బొమ్మలను అడిగితేగానీ తెరవరు. డార్క్ మోడ్‌లో నల్లటి నేపథ్యం మీద నల్ల అక్షరాల లోగో మాయమవుతుంది. చూపులేనివారు స్క్రీన్ రీడర్‌తో వింటుంటే బొమ్మలోని నంబరును అది చదవదు.

అదే జవాబును ఇలా రాశారనుకోండి (ధరలు ఉదాహరణకే):

```
రావు గారికి నమస్కారం.

1. ధరలు
బెల్లం పూతరేకులు, 10 ఉన్న పెట్టె: 250 రూపాయలు
పంచదార పూతరేకులు, 10 ఉన్న పెట్టె: 200 రూపాయలు

2. బెంగళూరుకు రావడానికి
డబ్బు అందిన మర్నాడు కొరియర్‌కు ఇస్తాం.
అక్కడినుంచి 3 రోజులు.

3. డబ్బు కట్టే విధానం
యూపీఐ. ఆర్డర్ ఖాయమయ్యాక వివరాలు పంపుతాం.

గమనిక: శుక్రవారంలోగా చెబితే ఈ వారమే పంపగలం.

-- 
(పేరు), (దుకాణం), ఆత్రేయపురం
ఫోన్: (నంబరు)
```

ఇందులో రంగు లేదు, పట్టిక లేదు, బొమ్మ లేదు. ఏ ప్రోగ్రామ్‌లో తెరిచినా పోయేదేమీ లేదు. ఎరుపు చేయాల్సిన పనిని "గమనిక" అన్న మాట చేసింది. ప్రతి ధరా తన వస్తువు పక్కనే, ఒకే వరుసలో ఉంది. పట్టిక వద్దన్నాం కదా అని స్పేసులు కొట్టి నిలువు వరుసలు కూర్చే ప్రయత్నం కూడా చేయకూడదు. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కొక్కటీ ఒక్కోలా ఉంటుంది, "క్ష్మి"కీ "ర"కూ పోలికే లేదు. మన స్క్రీన్ మీద వరుసలో నిలబడ్డవి అవతల మెట్లు మెట్లుగా దిగిపోతాయి. ప్రశ్నను ఒక ముక్కలో మళ్లీ చెప్పి జవాబివ్వడం కూడా కావాలనే చేసిన పని. పాత మెయిల్‌ను జీమెయిల్ మూడు చుక్కల వెనక దాచేస్తుంది, దాన్ని తెరిచి పోల్చుకునే ఓపిక అందరికీ ఉండదు.

ఇక పలకరింపు. తెలియని మనిషికి రాసేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది పేరు దగ్గరే. చాలా సాఫ్ట్‌వేర్లు పేరులోని మొదటి ముక్కను తీసుకుని "డియర్" తగిలిస్తాయి. మన పేర్లలో మొదట వచ్చేది ఇంటిపేరు, లేదా దాని పొడి అక్షరం. కె.వి. రావు అన్నవారికి "డియర్ కె" అని ఉత్తరం వెళ్తుంది. యంత్రాన్ని నమ్మకుండా, ఆయన తన మెయిల్ చివర ఎలా సంతకం చేశారో చూసి ఆ పేరునే తీసుకుని "గారు" చేర్చడం మేలు. ఆడవారో మగవారో తెలియకపోయినా "గారు"కు ఇబ్బంది లేదు, "సార్"కు ఉంది. అసలు పేరే లేకుండా info@ లాంటి చిరునామా నుంచి వస్తే ఒట్టి "నమస్కారం" చాలు. "సార్/మేడమ్" అని గీత పెట్టి రాయడం నాకెప్పుడూ దరఖాస్తు ఫారంలా అనిపిస్తుంది.

పలకరింపు ఒక్క వరుస దాటకూడదనడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. ఫోన్ నోటిఫికేషన్‌లో మెయిల్ మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. "మీరు, మీ కుటుంబ సభ్యులు అందరూ కుశలమని తలుస్తూ" అని మొదలుపెడితే ఆ చోటంతా దానికే సరిపోతుంది. ధర చెప్పే జవాబు వచ్చిందని ఆయనకు తెలిసేలోపే నోటిఫికేషన్ పక్కకు తోసేస్తాడు.

సంతకం పైన ఉన్న రెండు గీతలు గమనించారా? అవి అలంకారం కాదు. రెండు గీతలు, వాటి తర్వాత ఒక స్పేసు, ఆ వరుసలో మరేమీ ఉండకూడదు. థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాములు ఆ గుర్తు చూసి, దాని కిందదంతా సంతకమని లేత రంగులో చూపిస్తాయి, తిరుగు జవాబులో దాన్ని వదిలేస్తాయి. స్పేసు మరిచిపోతే గుర్తుపట్టవు. దీనికి రెండో వైపూ ఉంది: ఆ గీతల కింద "మరొక మాట" అంటూ ముఖ్యమైన సంగతి రాస్తే అదీ సంతకంతో పాటే కొట్టుకుపోతుంది. చెప్పాల్సిందంతా గీతల పైనే చెప్పేయాలి. 1995లో ఇంటర్నెట్ మర్యాదల మీద వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 సంతకం నాలుగు వరుసలు మించవద్దంది. పేరు, సంస్థ, ఊరు, ఫోన్ అందులో హాయిగా సరిపోతాయి. "ఈ మెయిల్ గోప్యమైనది, పొరపాటున అందితే చెరిపేయండి" అన్న పెద్ద పేరాను ధరల జాబితా కింద ఎందుకు తగిలిస్తారో నాకు అంతుబట్టదు.

ఇంత చెప్పాక, జీమెయిల్‌లో Plain text mode పెట్టేసుకుంటే గొడవ వదులుతుంది కదా అనిపించవచ్చు. నేనైతే అందరికీ ఆ సలహా ఇవ్వను. ఆ పద్ధతిలో పంపితే పొడవైన వరుసలను జీమెయిల్ మధ్యలో విరిచేస్తుంది. ఇరుకైన ఫోన్ స్క్రీన్ మీద ఒక వరుస నిండుగా, మరో వరుస రెండు మాటలతో గతుకులు గతుకులుగా కనిపిస్తాయి. మామూలు పద్ధతిలోనే ఉండి రంగులు, పట్టికలు, బొమ్మలు వాడకుండా రాయడమే నయం. అప్పుడు ప్రోగ్రామ్ రెండు రూపాలూ పంపుతుంది, రెండింట్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. వర్డ్ నుంచి, వాట్సాప్ నుంచి తెచ్చి అతికించేటప్పుడు మాత్రం Ctrl+Shift+V వాడండి, వెంట వచ్చే ఫాంట్లు, రంగులు రాలిపోతాయి. అవతలివారే సాదా పాఠంలో రాశారని తెలిస్తే అప్పుడు మీరూ సాదా పాఠంలోనే జవాబివ్వండి.

పట్టిక తప్పనిసరి అయిన సందర్భాలు ఉంటాయి. ముప్పై వస్తువుల కొటేషన్‌ను వాక్యాల్లో రాయలేం. దాన్ని పీడీఎఫ్‌గా జతచేసి, మొత్తం ఎంతయిందో, ఆ ధర ఎప్పటివరకు చెల్లుతుందో మెయిల్లోనే అక్షరాల్లో రాయండి. పంపే ముందు ఒకసారి మీ రెండో ఖాతాకు పంపుకుని ఫోన్‌లో తెరిచి చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో బొమ్మలు అడిగాకే చూపించమనే అవకాశం ఉంది, అది పెట్టి చూస్తే ఇంకా మంచిది. బొమ్మలు లేకుండా మీ ఫోన్ నంబరు కనిపించకపోతే ఆ సంతకాన్ని ఈరోజే మార్చండి.