పదేళ్లకు మారే ఆడిటర్

2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీకి ఒక ఆడిట్ సంస్థ వరసగా ఐదేళ్ల చొప్పున రెండు దఫాలకు మించి ఆడిటర్‌గా ఉండకూడదు. ఆ తర్వాత ఐదేళ్ల దాకా మళ్లీ ఆ కంపెనీ లెక్కలు ముట్టుకోకూడదు. పరిచయం పెరిగేకొద్దీ ప్రశ్నలు తగ్గుతాయన్న అనుమానమే ఈ నిబంధనకు మూలం. పైగా తన జాగాలోకి రేపు ఇంకొకరు వచ్చి తన లెక్కలు తిరగేస్తారని తెలిసిన ఆడిటర్, అడగాల్సింది ఇవాళే అడుగుతాడని ఆశ.

ఈ చట్టానికి ముందు దేశాన్ని కుదిపింది హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ వ్యవహారం. పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. అప్పటికి అక్కడ ఆడిట్ సంస్థకు పదేళ్లు నిండలేదు. అంటే ఇప్పటి చట్టం అప్పుడే ఉన్నా ఆ సంస్థ మారాల్సిన గడువు రాదు. నివేదికపై సంతకం చేసే భాగస్వామి మధ్యలో మారినా మోసం బయటపడలేదు. తప్పు జరిగిన చోటు వేరు. ఖాతాలో ఎంత ఉందో ఆడిటర్ నేరుగా బ్యాంకును అడిగి, జవాబు నేరుగా తనే అందుకోవాలి. సత్యంలో ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. కొత్త ఆడిటర్ వచ్చినా అదే పద్ధతి పాటిస్తే ఫలితమూ అదే.

మార్పును వ్యతిరేకించేవారి వాదన మొదటి ఏడాది చుట్టూ తిరుగుతుంది. ఏ గోదాములో సరుకు ఎలా లెక్కిస్తారో, ఏ కాంట్రాక్టు ఆదాయాన్ని ఎప్పుడు నమోదు చేస్తారో పాత ఆడిటర్‌కు కొట్టిన పిండి. కొత్తవారికి అవన్నీ నేర్చుకోవాల్సిన పాఠాలు. నిరుటి ముగింపు నిల్వలే ఈ ఏటి ప్రారంభ నిల్వలు కాబట్టి వాటినీ సరిచూడాలి. పాత ఆడిటర్ పత్రాలు చూడనిచ్చినా, వాటినే నమ్ముకుంటే కొత్త చూపు అన్న మాటకు అర్థం ఉండదు. ఈ వాదనలో బలముంది. కానీ అది మారేటప్పుడు జాగ్రత్త పడాలని చెబుతుందే తప్ప, అసలు మారొద్దని నిరూపించదు.

బ్రిటన్‌లో పెద్ద లిస్టెడ్ కంపెనీలు పదేళ్లకొకసారి టెండరు పిలవాలి. పాత సంస్థే గెలిచి కొనసాగవచ్చు, కానీ 20 ఏళ్లకు తప్పుకోవాలి. మన చట్టం మార్పునే కోరుతుంది, టెండరు తప్పనిసరి చేయలేదు. టెండరులో పొంచి ఉన్న ప్రమాదం తక్కువ ఫీజు. పని దక్కించుకోవడానికి ఫీజు తగ్గించిన సంస్థ, ఆ లోటును పని గంటలు కోసి, అనుభవం లేని కుర్రాళ్లను పంపి పూడ్చుకోవచ్చు. అందుకే ఆడిట్ కమిటీ ముందుగా బృందంలో ఎవరుంటారు, ఏ పనికి ఎన్ని గంటలు, బ్యాంకు నిల్వలు ఎలా నిర్ధారిస్తారు అన్నవాటికి మార్కులు వేసి, ఫీజు కవరు ఆ తర్వాతే తెరవడం మేలు. పెద్ద కంపెనీలకు ఇంకో చిక్కుంది. అంత పని మోయగల సంస్థలే కొద్ది. వాటిలో కొన్ని అదే కంపెనీకి కన్సల్టెన్సీ సేవలు అందిస్తూ ఉంటే ఆడిట్‌కు అర్హత పోవచ్చు. చివరికి టెండరులో మిగిలేది ఒకటి రెండు పేర్లే కావచ్చు.