ఆమెకో బెస్ట్ ఫ్రెండ్ ఉన్నాడు: అసూయను ఎలా చెప్పాలి?

నిశ్చితార్థం అయింది. పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. రాత్రి ఫోన్లో మాటల మధ్య అమ్మాయి అంది: "ఆఫీసులో ఏ గొడవైనా ముందు వాడికే చెప్తాను. ఇంజనీరింగ్ నుంచీ నాకు వాడే బెస్ట్ ఫ్రెండ్." అబ్బాయి "ఓహో" అని ఊరుకున్నాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాకా ఆ స్నేహితుడి ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు తిరగేస్తూ కూర్చున్నాడు.

ఈ అసూయకు కారణం చాలాసార్లు ఆ స్నేహితుడు కాదు. అతనితో ఆమెకు ఏళ్ల పరిచయం, మీతో కొన్ని వారాలదే. ఆమె దగ్గర మీ చోటేమిటో ఇంకా తెలియదు. తెలియని చోట ఊహలు చేరతాయి.

అందుకే ముందు ఒక కాగితం మీద రెండు సంగతులు విడివిడిగా రాసుకోవాలి. ఆమె నిజంగా అన్నది: "ముందు వాడికే చెప్తాను." మీరు కలుపుకున్నది: "వాళ్ల మధ్య ఇంకేదో ఉంది." ఈ రెండోదాన్ని నిజమనుకుని మాట్లాడితే అది నింద అవుతుంది.

"వాడితో నీకంత క్లోజ్ ఏంటి?" అని అడిగితే, "నా మీద నమ్మకం లేదా?" అన్న ఎదురుప్రశ్నే వస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ ఇలాంటి మాటలకు ఒక వరుస చెప్పారు: జరిగింది, అనిపించింది, కావలసింది, అడగదలచింది. మన అబ్బాయి ఆ వరుసలో ఇలా చెప్పొచ్చు:

"మొన్న ఏదైనా ముందు అతనికే చెప్తానన్నావు కదా, అప్పుడు నాకు కొంచెం అసూయగా అనిపించింది. నువ్వు తప్పు చేశావని కాదు. నీకు నేనూ దగ్గరవ్వాలని ఉంది. అతని గురించి ఇంకాస్త చెప్తావా? వీలైతే ఒకసారి ముగ్గురం కలుద్దామా?"

ఇక్కడ ఒక పొరపాటు సులువుగా దొర్లుతుంది. "నువ్వు నన్ను పట్టించుకోవట్లేదని అనిపిస్తోంది" అన్నది మనసులో మాటలా వినిపిస్తుంది కానీ, అందులో ఉన్నది నిందే. "బెంగగా ఉంది", "అసూయగా ఉంది" అనేవి మీ సంగతులు. చెప్పే వేళ కూడా ముఖ్యమే. ఆ రాత్రే వాట్సాప్‌లో పెట్టకుండా, ఒకట్రెండు రోజులాగి ఎదురుగా కూర్చుని చెప్పడం మంచిది.

ఆమె "కలవడానికి ఇప్పుడే వద్దు" అంటే ఒప్పుకోగలగాలి. ఒప్పుకోలేకపోతే మీరు అడిగింది కోరిక కాదు, ఆజ్ఞ. ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, స్నేహం మానెయ్యమనడం పెత్తనమే.

ఆమె దాపరికం లేకుండా చెబితే భయం మెల్లగా తగ్గుతుంది. పూటకో మాట చెబుతుంటే, ఆ మాటల తేడా గురించే సూటిగా అడగండి. ఎన్నిసార్లు స్పష్టంగా చెప్పినా మీకు అదే అనుమానం తిరిగొస్తుంటే మాత్రం, ఆమెను మళ్లీ మళ్లీ ప్రశ్నించకుండా పెళ్లికి ముందే ఒక కౌన్సెలర్‌ను కలవండి.