మూడు రాకెట్ల వెనక దాగిన ఉద్యోగం

హైదరాబాద్‌లోని ఓ చిన్న సంస్థ అకౌంటెంట్ కోసం లింక్డిన్‌లో ప్రకటన పెట్టిందనుకుందాం. పై వరుసలో మూడు రాకెట్లు, జాతీయ జెండా. కింద రెండు ఖాళీ వరుసలు. ఆ తర్వాతే అసలు విషయం. లింక్డిన్ మొదటి కొన్ని వరుసలే చూపించి, మిగతాది నొక్కితేనే తెరుస్తుంది. ఖాళీలు ఆ చోటును తినేయడంతో ఉద్యోగం పేరే కనబడదు.

జెండాతో మరో చిక్కు. ఫోన్‌లో మూడు రంగుల్లో మెరిసే 🇮🇳, విండోస్ కంప్యూటర్‌లోని క్రోమ్‌లో సాధారణంగా IN అనే రెండు అక్షరాలుగా కనిపిస్తుంది. ఎమోజీని చూపేది ఆయా పరికరాల్లోని ఫాంటు. విండోస్ ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు లేవు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఎమోజీల పేర్లనూ పైకి చదువుతుంది. రాకెట్లన్నీ అయ్యాకే సంగతి వినిపిస్తుంది.

జీతం, అనుభవం నిలువుగా ఒకే గీతలో ఉండాలని స్పేస్‌బార్‌తో జరిపితే, డెస్క్‌టాప్‌లో కుదిరినా ఇరుకైన ఫోన్ తెరపై వరుసలు విరిగిపోతాయి.

సవరించిన ప్రకటన 'అకౌంటెంట్ కావాలి: అమీర్‌పేట, మూడేళ్ల అనుభవం' అని మొదలవుతుంది. తర్వాత ఒక్క ఖాళీ వరుస. జీతం, పనివేళలు విడి వరుసల్లో. దరఖాస్తు పంపాల్సిన ఈమెయిల్ ముందు ఒకే ఒక్క 📧.