టీచరు రెజ్యూమెలో చూడాల్సిన మూడు: సబ్జెక్టు, బోర్డు, ఫలితాలు

సీబీఎస్‌ఈ బడిలో తొమ్మిది, పది తరగతులకు గణితం చెప్పే ఉద్యోగాన్ని టీజీటీ అంటారు. ఆ ఖాళీకి వచ్చే ప్రకటనలో సాధారణంగా మూడు మాటలు ఉంటాయి. సబ్జెక్టు మీద పట్టు ఉండాలి, సీబీఎస్‌ఈలో అనుభవం ఉండాలి, పదో తరగతిలో మంచి ఫలితాలు చూపించి ఉండాలి. ఈ మూడింటినీ నిర్ధారించే పద్ధతులు వేర్వేరు. సబ్జెక్టు సంగతి డిగ్రీ మార్కుల మెమోల్లో దొరుకుతుంది. బోర్డు అనుభవం తెలియాలంటే అభ్యర్థి పనిచేసిన బడి ఎలాంటిదో చూడాలి. ఫలితాలను లెక్క వేస్తే తప్ప నమ్మడానికి లేదు. 'అనుభవం తొమ్మిదేళ్లు' అన్న ఒక్క అంకెతో ఈ మూడింటినీ కొలిచినప్పుడే ఎంపికలో పొరపాటు జరుగుతుంది.

అందుకే రెజ్యూమెలు తెరవకముందే మూడింటికీ మార్కులు పంచుకోవాలి. ఈ ఖాళీకి సబ్జెక్టుకు 40, బోర్డుకు 25, ఫలితాలకు 35 అనుకుందాం. బోర్డుకు తక్కువ ఇవ్వడానికి కారణం ఉంది. గణితం బాగా వచ్చిన టీచరు కొత్త బోర్డు ప్రశ్నపత్రం తీరును ఒక టర్మ్‌లో పట్టుకోగలరు. గణితంలోనే లోటుంటే అది టర్మ్‌లో తీరేది కాదు. మార్కులు ముందే రాసి పెట్టుకోకపోతే, బాగా అచ్చయిన రెజ్యూమెను బట్టి కొలత మారిపోతుంది.

అర్హత మొదటి గడప

అర్హతకు మార్కులు ఉండవు, ఉందా లేదా అన్నదే ప్రశ్న. టీజీటీకి గణితం ప్రధానాంశంగా 50 శాతం మార్కులతో డిగ్రీ, దానితో పాటు బీఈడీ కావాలి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పేవారికి టెట్ ఉండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010లో నిర్ణయించింది. కాబట్టి ఈ టీచరు చేత ఎనిమిదో తరగతికీ చెప్పించే ఆలోచన ఉంటే టెట్ పేపర్ 2 కూడా అడగాలి.

తేదీలనూ ఇక్కడే సరిచూడాలి. 2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు. రెగ్యులర్ బీఈడీ చదివిన ఆ రెండేళ్లలోనే వేరే ఊళ్లో పూర్తికాలం టీచరుగా పనిచేసినట్టు రెజ్యూమెలో ఉంటే, ఆ రెండింట్లో ఏదో ఒకటి సరికాదు. ఇగ్నో వంటి చోట దూరవిద్యలో చదివి ఉంటే ఆ మాట విడిగా రాసి ఉండాలి.

సబ్జెక్టు: డిగ్రీ పేరు చాలదు

'బీఎస్సీ, బీఈడీ' అన్న రెండు మాటలతో గణితం టీచరు అయిపోరు. బీఎస్సీలో ఏ గ్రూపు చదివారో, గణితం ఎన్నేళ్లు చదివారో, అందులో మార్కులెన్నో మెమోలు చెబుతాయి. బీఈడీలో మెథడాలజీ ఏదన్నదీ ముఖ్యమే. ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ చేసి, బడి అవసరం కోసం గణితం చెబుతున్నవారు చాలామంది ఉంటారు. వాళ్లను కొట్టిపారేయనక్కర్లేదు. గణితం బోధనలో శిక్షణ పొందినవారికి ఇచ్చే మార్కులు మాత్రం ఇవ్వకూడదు.

చదువు తర్వాత ఆ సబ్జెక్టులో చేసిన పనికి విలువ ఎక్కువ. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన టీచరు ఒకే ప్రశ్నకు వందలాది పిల్లలు రాసిన జవాబులు చూసి ఉంటారు. తప్పు ఏ మెట్టు దగ్గర మొదలవుతుందో వారికి తెలుస్తుంది. వాల్యుయేషన్ డ్యూటీ ఉత్తర్వు ప్రతి ఉంటే అది గట్టి ఆధారం. ఒకరోజు వర్క్‌షాపు సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా దానికి సాటిరావు.

బోర్డు: బడి బోర్డు మీద రాసింది వేరు, పిల్లలు రాసింది వేరు

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. సీబీఎస్‌ఈ తరహా పుస్తకాలు వాడుతూ ప్రచారంలో ఆ పేరు చెప్పుకునే బడులు కొన్ని ఉన్నాయి. వాటికి ఆ బోర్డు గుర్తింపు ఉండదు, పిల్లలు పదో తరగతిలో రాసేది రాష్ట్ర బోర్డు పరీక్షే. అలాంటి చోట పనిచేసినవారు రెజ్యూమెలో 'సీబీఎస్‌ఈ అనుభవం' అని రాయడం మామూలు. బడి అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్‌ఈ వారి సరస్ పోర్టల్లో చూస్తే నిజం తేలిపోతుంది.

అబద్ధమేమీ లేకుండానే తేడా వచ్చే సందర్భమూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1000 ప్రభుత్వ బడులకు సీబీఎస్‌ఈ గుర్తింపు వచ్చింది. 2024లో ప్రభుత్వం వాటిని తిరిగి రాష్ట్ర బోర్డుకు మార్చింది. అక్కడ పనిచేసిన టీచరు ఆ పద్ధతిలో కింది తరగతులకు నిజంగానే పాఠం చెప్పి ఉండవచ్చు, కానీ ఆ పిల్లలు సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్ష రాయలేదు. అందుకని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మీ పిల్లలు ఏ సంవత్సరం, ఏ బోర్డు పరీక్ష రాశారు?

ఇంతగా పట్టించుకోవడానికి కారణం ప్రశ్నపత్రమే. సీబీఎస్‌ఈ పదో తరగతి గణితంలో రాతపరీక్షకు 80 మార్కులు, బడి ఇచ్చే అంతర్గత మార్కులు 20. ప్రశ్నల్లో దాదాపు సగం పిల్లవాడు తన తెలివితో అన్వయించుకోవాల్సినవి. ఒక సందర్భాన్ని చదివి దాని మీద జవాబు రాసే కేస్ స్టడీలు, ఒక వాక్యం ఇచ్చి దానికి కారణం సరైనదో కాదో తేల్చమనేవి ఉంటాయి. పైగా 2020 నుంచి స్టాండర్డ్, బేసిక్ అని గణితానికి రెండు స్థాయుల పేపర్లు ఉన్నాయి. పీరియాడిక్ టెస్టులు, పోర్ట్‌ఫోలియో, ల్యాబ్ కృత్యాలు ఎలా నిర్వహించారో, ఎవరిని బేసిక్ రాయించారో, ఎందుకో చెప్పగలిగిన అభ్యర్థికి బోర్డు అనుభవం ఉన్నట్టు.

ఫలితాలు: శాతం వెనుక సంఖ్య

'నూరు శాతం ఫలితాలు' అన్న మాట రెజ్యూమెల్లో తరచూ కనిపిస్తుంది. దానికున్న బరువు తక్కువ. సీబీఎస్‌ఈ పదో తరగతిలో రాత, అంతర్గత మార్కులు కలిపి 33 వస్తే పాస్. అంతర్గతంలో 18 వచ్చిన పిల్లవాడికి 80 మార్కుల రాతపరీక్షలో 15 చాలు. కాబట్టి పాస్ శాతాన్ని పక్కనపెట్టి రాతపరీక్ష సగటు అడగాలి.

'ఇరవై మందికి ఏ1' అన్నదీ అలాంటిదే. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో ఏ1 అంటే 91 దాటిన మార్కులని కాదు. ఆ సబ్జెక్టులో పాసైనవారిలో పైనుండే ఎనిమిదో వంతుకు ఆ గ్రేడు ఇస్తారు. దాన్నుంచి మార్కులు ఊహించడం కుదరదు.

శాతం వెనుక ఎంతమంది ఉన్నారన్నది తర్వాతి ప్రశ్న. తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, పదో తరగతి పరీక్షకు ఎంతమంది కూర్చున్నారు? ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే వెనుకబడిన పిల్లలను మధ్యలోనే ఓపెన్ స్కూలుకో మరో బడికో పంపి ఉండవచ్చు. ఆ సెక్షన్‌ను ఎలా కూర్చారన్నదీ తెలియాలి. మార్కులను బట్టి సెక్షన్లు చేసే బడిలో టాప్ సెక్షన్ చెప్పిన టీచరుకు మంచి ఫలితాలు దాదాపు ముందే రాసిపెట్టి ఉంటాయి.

ఇద్దరు అభ్యర్థులు, ఒకే ఖాళీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి అభ్యర్థి ఎమ్మెస్సీ గణితం, బీఈడీ. తొమ్మిదేళ్ల అనుభవంలో ఐదేళ్లు జూనియర్ కాలేజీలో ఇంటర్‌కు చెప్పారు, నాలుగేళ్లు రాష్ట్ర సిలబస్ బడిలో ఎనిమిది నుంచి పది వరకు చెప్పారు. ఫలితాల దగ్గర 'నూరు శాతం' అని ఉంది. వివరం అడిగితే పరీక్ష రాసినవారు 40 మంది అని తేలింది. తొమ్మిదో తరగతిలో ఆ సెక్షన్‌లో 52 మంది ఉన్నారు, అది టాప్ సెక్షన్. సగటు మార్కులు అభ్యర్థి దగ్గర లేవు.

రెండో అభ్యర్థి బీఎస్సీ ఎంపీసీ, గణితం మెథడాలజీతో బీఈడీ. గుర్తింపున్న సీబీఎస్‌ఈ బడిలో ఐదేళ్లు పనిచేశారు. అందులో చివరి రెండేళ్లు తొమ్మిది, పది తరగతులకు చెప్పారు. వారి సెక్షన్‌లో 36 మంది ఉంటే 36 మందీ పరీక్ష రాశారు, 34 మంది పాసయ్యారు. పాస్ శాతం నూరుకు తక్కువే. అయితే తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షలో ఆ సెక్షన్ సగటు 47, పక్క సెక్షన్ సగటు 58. పదో తరగతి బోర్డులో ఇవి 59, 61 అయ్యాయి.

సగటు 47 నుంచి 59కి పెరిగిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. తొమ్మిదో తరగతి పేపర్ బడి ఇచ్చింది, పదో తరగతి పేపర్ బోర్డు ఇచ్చింది. రెండింటి కష్టం ఒకటి కాదు. పక్క సెక్షన్ పిల్లలూ అవే రెండు పేపర్లు రాశారు కాబట్టి ఆ తేడా పోలికలో తీరిపోతుంది. రెండు సెక్షన్ల మధ్య 11 మార్కుల దూరం 2కి తగ్గడమే ఇక్కడ అసలు ఫలితం. రెండు సెక్షన్లలోనూ బేసిక్ రాసినవారి సంఖ్య దాదాపు సమానమేనని కూడా చూసుకోవాలి. లేకపోతే తేలిక పేపర్ రాయించడం వల్లే సగటు పెరిగి ఉండవచ్చు. బాగా తక్కువ మార్కులతో మొదలైన సెక్షన్ తర్వాతి ఏడాది దానంతటదే కొంత పైకి వస్తుంది, పైగా 36 మంది చిన్న సంఖ్య. అందుకే ఒక్క ఏడాదికి పూర్తి మార్కులు వేయకుండా రెండో ఏడాది లెక్క కూడా తెప్పించుకోవాలి.

ఇలా చూస్తే మొదటి అభ్యర్థికి సబ్జెక్టులో 34, బోర్డులో 8, ఫలితాల్లో 14, మొత్తం 56 మార్కులు వేయవచ్చు. రెండో అభ్యర్థికి 27, 21, 27 కలిపి 75. తొలి చూపులో బలంగా కనిపించిన రెజ్యూమె ఈ ఖాళీకి వెనుకబడింది. అదే పదకొండు, పన్నెండు తరగతులకు పీజీటీ ఖాళీ అయితే క్రమం తిరగబడుతుంది. అక్కడ సంబంధిత సబ్జెక్టులో పీజీ కావాలి కాబట్టి రెండో అభ్యర్థి అర్హత గడప కూడా దాటలేరు. కొలిచేది మనిషిని కాదు, ఈ ఖాళీకి ఆ మనిషి ఎంత సరిపోతారన్నదాన్ని.

రెజ్యూమె చెప్పలేనివి

ఈ మార్కులు డెమో క్లాసుకు ఎవరిని పిలవాలో మాత్రమే చెబుతాయి. పాఠం విని పిల్లలు తప్పు జవాబు చెప్పినప్పుడు టీచరు ఏం చేస్తారన్నది ఏ కాగితంలోనూ దొరకదు. దాన్ని చూడటానికి డెమోతో పాటు ఒక చిన్న పని ఇవ్వవచ్చు. రెండు వర్గాల మొత్తానికి వర్గమూలం తీసేటప్పుడు విడివిడిగా మూలాలు తీసి కలిపేసిన పిల్లవాడి జవాబు పత్రం ఇచ్చి, ఆ తప్పు ఎందుకు చేసి ఉంటాడో, రేపు తరగతిలో దాన్ని ఎలా సరిచేస్తారో అడగాలి. తప్పు గుర్తించడం అందరికీ వస్తుంది. పిల్లవాడి ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చెప్పగలిగితే సబ్జెక్టు మీద పట్టున్నట్టు.

చివరగా పాత బడి ప్రిన్సిపాల్‌కు అభ్యర్థి అనుమతితో ఫోన్ చేయాలి. 'టీచరు ఎలాంటివారు' అని అడిగితే మర్యాద మాటలే వస్తాయి. ఏ తరగతులకు చెప్పారు, పరీక్ష ఎంతమంది రాశారు, సెక్షన్లు ఎలా చేశారు అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు రెజ్యూమెతో సరిపోతే వేసిన మార్కులు అలాగే ఉంచవచ్చు. సరిపోకపోతే ఆ అంశం వరకు మార్కులు మళ్లీ వేసి, ఆ తర్వాతే నియామక పత్రం రాయాలి.