మీకు తెలుసా? నెలసరిని ఆపేది పరుగు కాదు, పళ్లెం

తెలుగులో ‘నెల తప్పింది’ అంటే కడుపుతో ఉందనే అర్థం. కానీ తెల్లవారకముందే స్టేడియం చుట్టూ పరుగెత్తే అమ్మాయికీ, సన్నబడాలని రాత్రి భోజనం మానేసిన యువతికీ నెల తప్పితే, చాలాసార్లు దాని అర్థం తలకిందులవుతుంది. ఆ నెల అసలు అండమే విడుదల కాలేదన్నమాట. ఎందుకలా?

అండాశయం బాగానే ఉంటుంది, పైనుంచి కబురు ఆగుతుంది

నెలసరి మొదలయ్యేది మెదడులో. అక్కడ హైపోథాలమస్ అనే చిన్న భాగం జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ధారగా కాక, ఆగి ఆగి విడుదల చేస్తుంది. నెలసరి తర్వాతి రోజుల్లో సుమారు గంట, గంటన్నరకోసారి ఇలా జరుగుతుంది. ఆ తాళానికి తగ్గట్టే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ను వదులుతుంది. అప్పుడే అండం పక్వమై బయటికొస్తుంది. ఒంట్లో శక్తి తగ్గితే కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది. ఇలాంటి సంకేతాలు అందగానే మెదడు ఆ తాళం నెమ్మదింపజేస్తుంది. అండం పెరగదు, ఈస్ట్రోజెన్ తగినంత తయారుకాదు, గర్భాశయం లోపలి పొర మందమెక్కదు. ఇక రాలడానికేమీ ఉండదు కాబట్టి రక్తస్రావమూ ఉండదు.

అయిదు రోజులు చాలు

ఒళ్లు అలిసిపోవడం వల్లే ఇలా జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆన్ లౌక్స్ దీన్ని పరీక్షకు పెట్టారు. 1998లో ప్రచురించిన ప్రయోగంలో యువతులతో వ్యాయామం చేయించి, ఖర్చయిన శక్తికి సరిపడా తిండి పెడితే ఎల్‌హెచ్ తాళం దాదాపు చెక్కుచెదరలేదు. తిండి పెంచకపోతేనే దెబ్బతింది. 2003లో ఆమెదే మరో ప్రయోగం వచ్చింది. నెలసరి క్రమంగా వచ్చే 29 మంది యువతులకు వేర్వేరు స్థాయుల్లో తిండి తగ్గించారు. కోత ఒక స్థాయి దాటినవారిలో అయిదు రోజులకే ఎల్‌హెచ్ తాళం మందగించింది.

అదే సమయంలో మరో బృందం కోతుల మీద ప్రయత్నించింది. రోజూ పరుగెత్తిస్తే వాటికి నెలసరి ఆగిపోయింది. పరుగు ఆపకుండానే కొన్నింటికి తిండి పెంచారు. వాటికి నెలసరి తిరిగి వచ్చింది. ఎక్కువ తిన్న కోతికి తొందరగా వచ్చింది.

ఆ లెక్క ఎలా వేస్తారు?

తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేయాలి. మిగిలినదాన్ని శరీరంలో కొవ్వు కాని బరువుతో భాగించాలి. గుండె, మెదడు, ఎముక, నెలసరి అన్నీ పంచుకోవాల్సిన పైకం అదే. లౌక్స్ ప్రయోగంలో కిలోకు 45 కేలరీలు మిగిలితే సమతూకంగా ఉంది. 30 దగ్గర పెద్ద మార్పు లేదు. 20కి, 10కి దిగినప్పుడు తాళం చెడింది.

ఒక అమ్మాయి లెక్క చూద్దాం. బరువు 50 కిలోలు, అందులో కొవ్వు 8 కిలోలు. మిగతా బరువు 42 కిలోలు. రోజుకు 1,800 కేలరీలు తింటుంది, పరుగులో 600 ఖర్చవుతాయి. మిగిలిన 1,200ను 42తో భాగిస్తే 28.6. ఆమె కడుపు మాడ్చుకోవడం లేదు, ఇంట్లో అందరిలాగే తింటోంది. అయినా 30 దాటలేదు. 45కు చేరాలంటే రోజుకు సుమారు 2,490 కేలరీలు కావాలి, అంటే మరో 690. పెద్ద గ్లాసుడు పాలు, రెండు అరటిపండ్లు, గుప్పెడు వేరుశెనగలు, అన్నంలో ఒక పెద్ద చెంచా నెయ్యి కలిపితే దాదాపు అంతవుతుంది.

అయితే 30 అన్నది అందరికీ ఒకేలా గీసిన గీత కాదు. ఒకరికి అంతకంటే పైనే నెలసరి ఆగవచ్చు, మరొకరికి దానికి దిగువనా నడవవచ్చు. అసలు ఈ లెక్కను ఇంట్లో కచ్చితంగా వేయడమూ కష్టమే.

బరువు తగ్గకపోయినా ఇది జరగవచ్చు

శక్తి చాలనప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. థైరాయిడ్ చురుకుదనం తగ్గుతుంది, నాడి నెమ్మదిస్తుంది, చేతులు కాళ్లు చల్లగా ఉంటాయి. ఆ పొదుపు వల్లే తూకంలో ముల్లు కదలకపోవచ్చు. అందుకే ‘సన్నగా లేను కదా’ అని తోసిపుచ్చడానికి లేదు. పైగా నెలనెలా రక్తం కనిపిస్తున్నా కొందరిలో అండం విడుదల కాకుండా ఉండవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఇలాంటివారి స్కానింగ్‌లోనూ అండాశయంలో చిన్న చిన్న బుడగలు చాలా కనిపించవచ్చు. దాన్ని పీసీఓఎస్ అనుకుని బరువు తగ్గమని చెబితే రోగానికి విరుగుడు కాదు, ఆజ్యం పోసినట్టవుతుంది. తిండి, వ్యాయామం, బరువులో మార్పు గురించి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి.

మాత్రతో వచ్చే రక్తస్రావం నెలసరి కాదు

గర్భనిరోధక మాత్రలు వాడితే నెలకోసారి రక్తం వస్తుంది. కానీ అది మాత్ర ఆపినప్పుడు వచ్చేదే, అండాశయం మేలుకున్నందుకు కాదు. అసలు సమస్య కప్పబడిపోతుంది. ఈస్ట్రోజెన్ లోటుతో ఎముకలు పలచబడటం ఈ జబ్బులో పెద్ద నష్టం. పాదం ఎముకలో, ముంగాలిలో సన్నని చీలికలు పదే పదే వస్తే అనుమానించాలి. నెలసరి తెప్పించడానికో, ఎముకల కోసమో మాత్రమే ఈ మాత్రలు వాడవద్దని ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల్లో సూచించింది. మొదటి చికిత్స తిండి పెంచడం, అవసరమైతే శిక్షణ కొంత తగ్గించడం. తినాలంటేనే భయమేస్తుంటే మానసిక వైద్యుల సాయమూ కావాలి. నెలసరి తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

చివరిగా, మళ్లీ నెల తప్పడం గురించే

క్రమంగా వచ్చే నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోయినా డాక్టరును కలవాలి. అక్కడ మొదట చేసేది గర్భ పరీక్ష, ఆ తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటివి. ఆగిన నెలసరికి గర్భ పరీక్ష ఎందుకంటారా? కోలుకుంటున్నప్పుడు ముందు అండం విడుదలవుతుంది, రెండు వారాల తర్వాతే రక్తం కనిపిస్తుంది. ఆ రక్తం కనిపించకముందే గర్భం నిలిచే అవకాశం ఉంది. కాబట్టి నెలసరి లేదు కదా అని గర్భనిరోధక జాగ్రత్తలు వదిలేయకండి.