పోను పద్దెనిమిది, రాను తొమ్మిది

నేను డిగ్రీ పూర్తిచేసి బి.ఇడి.లో చేరబోతున్న రోజులవి. మా ఊరికి తూర్పున 18 కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రం ఉంది. అక్కడి ఆఫీసులో నా ధ్రువపత్రం సిద్ధంగా ఉంది. దానిని తెచ్చుకొని, సాయంత్రం 4 గంటల 50 నిమిషాలకు మా ఊరి మీదుగా పోయే బస్సెక్కి, మర్నాడు ఉదయం నగరంలో ఇవ్వాలి. ఆ పూటకు అదే ఆఖరి బస్సు.

అది ఆషాఢమాసం. పడమటిగాలి జోరుగా వీస్తోంది. పోయేటప్పుడు గాలి వీపు వెనుక ఉంటుంది. సైకిలు గంటకు 18 కిలోమీటర్లు పోతుంది. వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఎంత తొక్కినా గంటకు 9 కిలోమీటర్లకు మించదు. ఈ సంగతి నాకు అలవాటు మీద తెలుసు. మనసులో లెక్క వేసుకొన్నాను. 18, 9 కలిపితే 27. అందులో సగం పదమూడున్నర. రాకపోకలు కలిపి 36 కిలోమీటర్లు. 36ను 13.5తో భాగిస్తే 2 గంటల 40 నిమిషాలు. రెండు గంటలకు బయలుదేరితే 4.40కి ఇంట్లో ఉంటాను. ఆఫీసులో ఐదు నిమిషాలు పోయినా బస్సు అందుతుంది!

నేను ఇల్లు చేరేసరికి గడియారం 5 గంటల 5 నిమిషాలు చూపిస్తోంది. దారిలో ఎక్కడా ఆగలేదు, చైను ఊడలేదు, గాలి కూడా నేను అనుకొన్నట్లే వీచింది. బస్సు మాత్రం పోయింది. ఆ రాత్రి చింతపండు బస్తాల లారీ మీద నగరం చేరాను.

ఈ కథను ఏటా తొమ్మిదో తరగతిలో చెప్పి, "నా సగటు వేగం ఎంత?" అని అడుగుతాను. వెంటనే నాలుగైదు గొంతులు "పదమూడున్నర, మాస్టారూ!" అంటాయి. నాకు కోపం రాదు. గణితం చదివిన నేనే ఆనాడు ఆ మాట అన్నాను గదా!

తప్పు ఎక్కడుందో చూద్దాం. సగటు వేగమంటే వేగాల సగటు కాదు. పోయిన మొత్తం దూరాన్ని పట్టిన మొత్తం కాలంతో భాగిస్తే వచ్చేది. పోవడానికి 18 కిలోమీటర్లు, గంటకు 18 చొప్పున, ఒక గంట పట్టింది. రావడానికి అవే 18 కిలోమీటర్లు, గంటకు 9 చొప్పున, రెండు గంటలు పట్టాయి. మొత్తం 3 గంటలు. కనుక సగటు వేగం 36 ÷ 3 = 12 కి.మీ. పదమూడున్నర కాదు.

మరొక విధంగా చూడండి. నేను సైకిలు మీద ఉన్న మూడు గంటలలో మొదటి గంట వేగం 18, రెండో గంట వేగం 9, మూడో గంట వేగం కూడా 9. ఈ మూడింటినీ కూడి 3తో భాగించండి. 12 వస్తుంది. నెమ్మదిగా పోయిన వేగం రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. నేనేమో రెండు వేగాలకూ సమానమైన వాటా ఇచ్చాను. దూరాలు సమానమే గాని కాలాలు సమానం కావు. అక్కడే నా ఇరవై నిమిషాలు పోయాయి.

ఇప్పుడు దీనినే బీజగణితంలో రాద్దాం. ఒకవైపు దూరం d, పోయే వేగం x, వచ్చే వేగం y అనుకొందాం. పోవడానికి పట్టిన కాలం d/x, రావడానికి పట్టిన కాలం d/y. భిన్నాలను కూడేటట్లే, హారాలకు క.సా.గు. xy తీసుకొని కూడితే

d/x + d/y = d(x + y)/xy

మొత్తం దూరం 2d. దానిని ఈ కాలంతో భాగించాలి. అంటే తలకిందులు చేసి గుణించాలి.

సగటు వేగం = 2d × xy/[d(x + y)] = 2xy/(x + y)

లవంలోనూ హారంలోనూ ఉన్న d కొట్టివేయబడింది. ఊరు 18 కిలోమీటర్లున్నా 180 కిలోమీటర్లున్నా ఈ వేగాలకు సగటు 12 మాత్రమే. మిగిలింది లవంలో ఒక బహుపది, హారంలో ఒక బహుపది ఉన్న అకరణీయ సమాసం. దీనికి హరాత్మక మధ్యమం అనే పేరు కూడా ఉంది. ఇందులో x గాని y గాని సున్న కాకూడదు. సున్న వేగంతో బయలుదేరినవాడు తిరిగి రావడం మాట అటుంచి, అసలు ఊరే చేరడు!

నా తప్పుడు సగటు (x + y)/2. అందులోనుంచి నిజమైన సగటును తీసివేసి చూద్దాం.

(x + y)/2 − 2xy/(x + y) = [(x + y)² − 4xy]/2(x + y) = (x − y)²/2(x + y)

లవంలో ఉన్నది వర్గం. అది రుణాత్మకం కాజాలదు. కనుక మామూలు సగటు ఎప్పుడూ నిజమైన దానికంటె ఎక్కువే చూపిస్తుంది. x, y సమానమైతేనే రెండూ ఒకటవుతాయి. నా ప్రయాణంలో తేడా 81/54, అంటే 1.5. సరిపోయింది గదా! తేడా లవంలో వర్గంగా ఉంది కనుక వేగాలు దగ్గరగా ఉన్నప్పుడు తప్పు బయటపడదు. 10, 11 అయితే తేడా 1/42 మాత్రమే. అందుకే చాలామంది ఈ తప్పు చేస్తూ కూడా గుర్తించరు.

ఇక అసలు చిత్రం చూడండి. ఒకవైపు వేగం 9 అని నిలిపి, రెండోవైపు ఎంతైనా పెంచుకోవచ్చు అనుకొందాం. y = 18 అయితే సగటు 12. y = 36 అయితే 14.4. y = 90 అయితే సుమారు 16.4. y = 900 అయినా సుమారు 17.8 మాత్రమే. 18ని దాటదు సరిగదా, చేరను కూడా చేరదు. కావలసిన సగటును V అని, సూత్రాన్ని y కోసం సాధిస్తే కారణం తెలుస్తుంది.

y = Vx/(2x − V)

V = 2x అయితే హారం సున్న అవుతుంది. సున్నతో భాగహారం లేదు. అంటే అలాంటి y లేదు. గంటకు 18 చొప్పున రాకపోకలకు పట్టవలసిన కాలం మొత్తం రెండు గంటలు. 9 చొప్పున ఒకవైపు పోవడంలోనే ఆ రెండు గంటలూ ఖర్చయిపోయాయి.

ఇక్కడ తడబడినందుకు సిగ్గుపడనక్కరలేదు. 1934లో మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఐన్‌స్టీన్‌కు ఇటువంటి లెక్కనే పంపాడు. ఒక పాత కారు ఒక మైలు కొండ ఎక్కుతుంది, గంటకు 15 మైళ్ల వేగంతో. అవతల ఒక మైలు దిగుతుంది. మొత్తం మీద సగటు 30 మైళ్లు రావాలంటే దిగే వేగం ఎంత? 45 అనిపిస్తుంది. కాని 30 అంటే 15కు రెట్టింపు గదా! దిగడానికి సమయమే మిగలలేదని లెక్క వేసేదాకా తనకూ తోచలేదని ఐన్‌స్టీన్ జవాబు రాశాడు.

మరి మామూలు సగటు ఎప్పుడైనా సరిపోతుందా? సరిపోతుంది, దూరాలు కాక కాలాలు సమానమైనప్పుడు. ఒక గంట 18 చొప్పున, మరొక గంట 9 చొప్పున తొక్కితే రెండు గంటలలో 27 కిలోమీటర్లు. సగటు పదమూడున్నరే. ఎదురుగాలిలో గంటకే ఆగిపోతే నాకూ ఆ సగటు వచ్చేది, కాకపోతే ఇంటికి ఇంకా 9 కిలోమీటర్ల దూరంలో రోడ్డు మీద ఉండేవాణ్ణి!

మన సూత్రానికీ ఒక షరతు ఉంది. పోయే దూరం, వచ్చే దూరం ఒకటే కావాలి. తిరుమల కొండకు బస్సులు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు. అక్కడ పోయే దూరానికి a, వచ్చే దూరానికి b అని వేరువేరుగా పెట్టుకోవాలి. అప్పుడు కొట్టివేయడానికి d ఉండదు. సగటు వేగం ఎలాంటి సమాసం అవుతుందో రాసి, అందులో b బదులు a రాస్తే మన 2xy/(x + y) తిరిగి వస్తుందో లేదో చూడండి.